బోణీ బేరంలో నాలుగడుగులు

సాయంత్రం నాలుగున్నర. విజయవాడలో ఒక గుడి వీధి మలుపు. పూలామె అప్పుడే బుట్ట దించి, మల్లెమాల చుట్ట మీద కప్పిన తడిగుడ్డ తీసింది. మొగ్గలింకా విచ్చుకోలేదు. చేతిసంచీతో వెళుతున్న ఒకావిడ బుట్ట ముందు ఆగింది.

"మూరెంతమ్మా?"

"నలభై అమ్మా."

"నలభయ్యా! మొన్న పాతికకిచ్చావు."

"మొన్న మంగళవారమమ్మా. ఇవాళ శుక్రవారం. మార్కెట్లోనే రేటు మండిపోతోంది."

"పాతికకిచ్చెయ్యి."

"గిట్టదమ్మా. ముప్పయ్యయిదివ్వండి."

ఆవిడ మారు మాట్లాడలేదు. సంచీ భుజానికి సర్దుకుని కదిలింది. ఒకటి, రెండు, మూడు, నాలుగడుగులు.

"ఇటు రండమ్మా. బోణీ బేరం, వెనక్కి పంపకూడదు. ముప్పై ఇవ్వండి."

ఆవిడ వెనక్కి వచ్చింది. పూలామె మోచేతి దగ్గర్నుంచి వేలి కొస దాకా మాల కొలిచి, దారం తెంపబోయి, ఇంకో నాలుగు వేళ్ల పొడుగు వదిలి తెంపింది. కొన్నావిడ ఫోన్ తీసింది. "బోణీ కదమ్మా, నోటివ్వండి" అంది పూలామె. ముప్పై రూపాయలు కళ్లకద్దుకుని, బుట్టకు తాకించి, బొడ్లో దోపుకుంది.

అంతా కలిపి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మనం రోజూ చూసేదే. కానీ ఇందులో కొన్ని ప్రశ్నలున్నాయి. నలభై అని మొదలైనది ముప్పై దగ్గర ఎందుకు ఆగింది? నోటితో అడిగితే అయిదు రూపాయలు తగ్గాయి, నోరు మూసుకుని నాలుగడుగులు వేస్తే మరో అయిదు తగ్గాయి. ఆ అడుగుల్లో ఏముంది? రూపాయి రూపాయికీ వాదించిన మనిషి చివర్న నాలుగు వేళ్ల పూలు ఊరికే ఎందుకు వదిలింది?

గిరాకీని బట్టి, సరుకును బట్టి ధర ఉంటుందని అర్థశాస్త్రం చెబుతుంది. నిజమే. శుక్రవారం పూలకు గిరాకీ ఎక్కువ, రాత్రయ్యేసరికి మొగ్గలు విచ్చుకుంటాయి కాబట్టి ఆలోపు అమ్మెయ్యాలి. ఈ లెక్కలు ధర ఏ రెండు అంకెల మధ్య తిరుగుతుందో చెబుతాయి. కానీ ఆ రెంటి మధ్య ఈ ఇద్దరూ ఎలా నడిచారో చెప్పవు. ఆ నడకను చూడటానికి సమాజశాస్త్రంలో ఒక పద్ధతి ఉంది. దాని పేరు సింబాలిక్ ఇంటరాక్షనిజం. మాటలు, సైగలు, వస్తువులు అన్నిటినీ గుర్తులుగా వాడుకుంటూ, ఎదుటివాళ్ల గుర్తులకు అర్థం చెప్పుకుంటూ మనుషులు ఒకరితో ఒకరు మెలగడమే సమాజమని దాని సారాంశం.

పూలంటే ఏ పూలు?

ఈ ఆలోచనకు పునాది వేసినవాడు షికాగో విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పిన జార్జ్ హెర్బర్ట్ మీడ్. తరగతిలో చెప్పినదాన్ని ఆయన పుస్తకంగా రాయలేదు. 1931లో ఆయన చనిపోయాక, విద్యార్థులు రాసుకున్న నోట్సును కూర్చి 1934లో 'మైండ్, సెల్ఫ్ అండ్ సొసైటీ'గా అచ్చువేశారు. మీడ్ దగ్గర చదువుకున్న హెర్బర్ట్ బ్లూమర్ 1937లో ఈ పద్ధతికి పేరు పెట్టాడు. 1969లో వచ్చిన తన పుస్తకంలో దీన్ని మూడు మాటల్లోకి కుదించాడు. ఆ మూడూ మన పూలబుట్టలోనే దొరుకుతాయి.

మొదటిది: మనిషి ఒక వస్తువుతో ఎలా నడుచుకుంటాడనేది, ఆ వస్తువుకు అతని దృష్టిలో ఉన్న అర్థాన్ని బట్టి ఉంటుంది. మల్లెమాల వృక్షశాస్త్రానికి ఒక్కటే. గుడికి తీసుకెళ్లే మాల మాత్రం దేవుడి పూలు. వాటిని వాసన కూడా చూడరు. అదే మాల తలలోకయితే ముందు వాసనే చూస్తారు. అందుకే కొందరు పూలవాళ్లు కొలిచేముందు "గుడికా, తలలోకా?" అని అడుగుతారు. సరుకు ఒకటే అయినా అడుగుతున్నది ఏ పూలని.

రెండోది: ఆ అర్థం వస్తువులో పుట్టలేదు, మనిషి ఒంటరిగా కల్పించుకున్నదీ కాదు. ఇతరులతో మెలగడంలోంచి వచ్చింది. ముప్పై రూపాయలు ఏ బేరంలోనైనా ముప్పై రూపాయలే. కానీ రోజులో మొదటి బేరంలో వస్తే అది బోణీ. కళ్లకద్దుకోవాలి, ఆ బేరాన్ని వెనక్కి పంపకూడదు. ఇది నోటు మీద రాసిలేదు. పక్కన కూర్చుని అమ్మిన పెద్దవాళ్లను చూసి నేర్చుకున్నది. కొనేవాళ్లకూ ఇది తెలుసు. తెలుసు కాబట్టే 'బోణీ' అన్న మాట ఇద్దరి మధ్యా పనిచేస్తుంది. ఈ ఆచారం తెలియని వేరే దేశపు మనిషితో పూలామె ఆ మాట అంటే, అది వట్టి శబ్దం.

మూడోది: ఈ అర్థాలు ఒకసారి నేర్చుకుని భద్రపరిచేవి కావు. వాడేటప్పుడల్లా మనిషి వాటిని సందర్భానికి తగ్గట్టు సవరించుకుంటాడు. ఫోన్లో డబ్బులు పడితే ఏం కళ్లకద్దుకోవాలి? మన పూలామె దానికొక దారి చూసుకుంది. బోణీకి నోటు, మిగతా బేరాలకు ఫోన్. రేపు ఇంకొకామె ఫోన్‌నే కళ్లకద్దుకోవచ్చు, లేదా ఈ పట్టింపు మానేయవచ్చు. అన్నిటికన్నా పెద్ద సవరణ ఒకటి మన కళ్ల ముందే జరుగుతోంది. భర్త పోయిన స్త్రీకి పూలు నిషిద్ధమన్న అర్థం పూలలో లేదు. చుట్టూ ఉన్నవాళ్ల చూపుల్లో, మాటల్లో ఉంది. ఒకావిడ ఆ చూపులను దాటి "తలలోకే, మూర ఇవ్వమ్మా" అన్నప్పుడు, పూలామె తడుముకోకుండా కొలిచి ఇచ్చినప్పుడు, ఆ అర్థం కొద్దిగా కదిలినట్టే.

అడుగులు మాట్లాడటం

ఇక ఆ నాలుగడుగుల సంగతి. మీడ్ రెండు కుక్కల పోట్లాటను ఉదాహరణగా తీసుకునేవాడు. ఒక కుక్క మీదికి దూకబోతుంది, రెండోది పక్కకు జరుగుతుంది. దాన్ని చూసి మొదటిది తన పద్ధతి మారుస్తుంది. అక్కడా సైగలు నడుస్తున్నాయి. కానీ 'నేనిలా చేస్తే అది ఇలా అనుకుంటుంది' అని ఏ కుక్కా లెక్క వేసుకోదు. మనిషి సైగలో ఆ లెక్క ఉంటుంది. తాను చేసే సైగ ఎదుటివాళ్లకు ఏమనిపిస్తుందో చేసేవాడికే ముందు తెలిసినప్పుడు, ఆ సైగ అర్థం ఉన్న గుర్తు అవుతుందని మీడ్ అన్నాడు.

కొనేవాళ్లు కదిలిపోవడం అలాంటి గుర్తు. ఆవిడ అడుగు వేస్తూనే పూలామె చెవితో వింటోంది. 'పోతోంది, పిలవాలా వద్దా?' అని పూలామె అనుకుంటున్నట్టు ఆవిడకు తెలుసు. పూలామె ఆవిడ కాళ్లతో నడుస్తోంది. 'నిజంగా పోతోందా, పిలుస్తానని పోతోందా?' అని. ఎదుటివాళ్ల స్థానంలోకి వెళ్లి అక్కణ్ణించి తనను తాను చూసుకోవడం అంటే ఇదే. నలభై అని చెప్పేటప్పుడే పూలామెకు పాతిక అన్న జవాబు వినిపించి ఉంటుంది. పాతిక అన్నావిడకు ముప్పై దగ్గర తేలుతుందని అంచనా ఉండే ఉంటుంది. మొదట చెప్పిన రెండు అంకెలూ ధరలు కావని ఇద్దరికీ తెలుసు. తెలుసని ఎవరూ అనరు.

నిజంగా పోయే నడకకూ బేరపు నడకకూ తేడా ఉంది. బేరపు నడక నెమ్మది. సంచీ సర్దుకోవడానికో, కొంగు సవరించుకోవడానికో ఒక క్షణం ఆగుతుంది. పిలుపు వినబడే దూరం దాటేముందు ఇంకా నెమ్మదిస్తుంది. వెనక్కి చూస్తే మాత్రం ఆట పోయినట్టే. తల తిప్పిందంటే పూలు కావాలన్నమాట, ఇక పూలామె ముప్పయ్యయిదు దగ్గరే కూర్చుంటుంది. నిజంగా పోయే మనిషి చూపు అప్పటికే పక్క బుట్ట మీద ఉంటుంది. పూలామె చూసేది అడుగుల లెక్కను కాదు, చూపును.

ఈ విద్య ఎక్కడ నేర్పుతారు? చిన్నపిల్లల బజారాట గుర్తు చేసుకోండి. ఆకులు రూపాయలు, మట్టి బెల్లం. ఒకే పిల్ల కాసేపు కొట్టువాడవుతుంది, కాసేపు కొనే అమ్మగారవుతుంది, రెండు గొంతులూ తనే మాట్లాడుతుంది. పిల్లల ఆటకు మీడ్ చాలా విలువ ఇచ్చాడు. ఇంకొకరి పాత్రలోకి వెళ్లి రావడం మనిషి నేర్చుకునేది అక్కడేనన్నాడు. అమ్మ చెయ్యి పట్టుకుని బజారుకు వెళ్లినప్పుడు ఆ చెయ్యి ఉన్నట్టుండి లాగితే, ఇది నిజంగా పోవడం కాదని ఆ పిల్లకు అప్పుడే తెలుస్తుంది.

లెక్క తప్పిన బేరాలు

గుర్తులను చదవడంలో పొరపాటు జరిగినప్పుడు వాటి పని ఇంకా బాగా కనబడుతుంది. ఒక కుర్రాడు వచ్చి మూరెంత అన్నాడనుకుందాం. నలభై అనగానే నలభై తీసి ఇచ్చాడు. పూలామెకు లాభమే, అయినా ఏదో వెలితి. 'యాభై అన్నా ఇచ్చేవాడు' అని ఒక గుంజాటన. కుర్రాడికీ నాలుగడుగులు వేశాక అనుమానం, మోసపోయానా అని. సరుకూ డబ్బూ చేతులు మారాయి, కానీ బేరం జరగలేదు. బేరంలో తేలవలసిన విషయం, ఇది ఇద్దరికీ సరైన ధర అన్న విషయం, తేలకుండా ఉండిపోయింది.

ఇంకొకరు వచ్చి "పదికిస్తావా?" అన్నారు. పూలామె ఇక అంకె చెప్పదు. మాల మీద తడిగుడ్డ కప్పుతుంది. "కొనే బేరమేనా అది?" అంటుంది. పాతిక అడగడం బేరం, పది అడగడం అవమానం. పది అంటే పూలకు విలువ లేదని కాదు వినిపించేది, 'నీకు వ్యాపారం తెలియదు, నీ అవసరం నాకు తెలుసు' అని. ఎర్వింగ్ గోఫ్‌మన్ 1955లో రాసిన ఒక వ్యాసంలో, మనుషులు కలుసుకున్న ప్రతిచోటా తమ మర్యాదనూ ఎదుటివాళ్ల మర్యాదనూ కాపాడుకునే పని ఒకటి అడుగున సాగుతుంటుందని చూపించాడు. "బోణీ బేరం, వెనక్కి పంపకూడదు" అన్న మాట సరిగ్గా ఆ పనే చేసింది. పూలామె దిగివచ్చింది, కానీ ఓడిపోయి కాదు. ఆచారాన్ని మన్నించి తగ్గింది. కొన్నావిడ వెనక్కి తిరిగింది, కానీ ఆశపడి కాదు. పిలిస్తే వచ్చింది. ఇద్దరి తలా వంగలేదు.

బేరం ఇంటికొచ్చాక కూడా అయిపోదు. "ముప్పయ్యా? నాకు పాతికకే ఇచ్చిందే" అని పక్కింటావిడ అంటే, అప్పటిదాకా గెలుపుగా ఉన్న ముప్పై క్షణంలో తెలివితక్కువతనం అవుతుంది. మాల మారలేదు, డబ్బు మారలేదు. ఇతరుల కళ్లలో మనం ఎలా కనబడుతున్నామో ఊహించుకుంటాం, దాన్ని వాళ్లు ఎలా తూస్తున్నారో ఊహించుకుంటాం, దాన్ని బట్టి గర్వమో సిగ్గో పడతాం. చార్లెస్ హోర్టన్ కూలీ 1902లో దీన్ని అద్దంలో కనబడే నేనుగా వర్ణించాడు.

బేరమాడకూడని చోట బేరం

ఇదే ఆవిడ సూపర్‌మార్కెట్లో నలభై రూపాయల సబ్బు తీసుకుని నోరెత్తకుండా బిల్లు కడుతుంది. మనిషి అదే, పొదుపూ అదే. మారింది అక్కడి పరిస్థితికి ఆవిడ ఇచ్చుకున్న అర్థం. పరిస్థితి నిజంగా ఎలా ఉన్నా, మనుషులు దాన్ని ఎలా అనుకుంటే ఫలితాలు అలాగే నిజమవుతాయని డబ్ల్యు.ఐ. థామస్, డొరొతీ థామస్ 1928లో రాశారు. అట్ట మీద అచ్చేసిన ఎమ్మార్పీ చట్టప్రకారం అమ్మకందారు దాటకూడని పైహద్దు మాత్రమే. అంతకన్నా తక్కువకు అమ్మకూడదని కాదు. అయినా మనం దాన్ని 'ధర' అని చదువుకుంటాం, నోరు మూసుకుంటాం. 1999లో మొదలైన రైతుబజార్లలో రేట్ల బోర్డు చేసే పనీ ఇలాంటిదే. సుద్దముక్కతో రాసిన అంకె ముందు బేరపు గొంతు తగ్గుతుంది.

ఆ మౌనం ఎంత గట్టిదో అమెరికాలో హెరాల్డ్ గార్ఫింకెల్ పరీక్షించి చూశాడు. ఆయన దారి ఈ పద్ధతికి పొరుగుది, ఎత్నోమెథడాలజీ అంటారు. ధరలు కచ్చితంగా ఉండే దుకాణాలకు వెళ్లి బేరమాడమని ఆయన తన విద్యార్థులకు పని అప్పజెప్పాడు. 68 మంది రెండు డాలర్లకు మించని వస్తువుకు ఒక్కసారి బేరమాడాలి. మరో 67 మంది ఆరుసార్లు ఆడాలి, మూడు చవక వస్తువులకు, మూడు యాభై డాలర్లు దాటిన వాటికి. ఒక్కసారే ఆడాల్సిన వాళ్లలో నూటికి ఇరవై మంది అసలు ప్రయత్నించలేదు, లేదా మధ్యలో వదిలేశారు. ఆరుసార్లు ఆడాల్సిన వాళ్లలో అలా తప్పుకున్నది నూటికి ముగ్గురే. భయమంతా వెళ్లేముందూ మొదటిసారి నోరు తెరిచేటప్పుడూ ఉంది. మూడోసారికి చాలామందికి సరదా పుట్టింది. నిజంగానే ధర తగ్గవచ్చని తెలిసి వాళ్లే ఆశ్చర్యపోయారు. అడ్డుగా నిలిచింది దుకాణదారు కాదు. ఇక్కడ బేరం ఉండదు అని అందరూ అనుకుంటారన్న తలంపు. ఆ తలంపును ఎవరూ పరీక్షించి చూడకపోవడమే దాని బలం.

బుట్ట బయట ఉన్నవి

ఈ కళ్లద్దాలతో కనబడనివీ ఉన్నాయి. ఆ పద్ధతి మీద పాత విమర్శ కూడా ఇదే: ఇద్దరి మధ్య జరిగేదాన్ని వెలుగులో పెట్టి, ఆ ఇద్దరినీ అక్కడ నిలబెట్టిన పెద్ద శక్తులను చీకట్లో వదిలేస్తుందని. పూలామె పొద్దున్నే అప్పు తెచ్చి పూలు కొని ఉంటే, రాత్రికి తీర్చాల్సిన మొత్తం బేరంతో మారదు. ఆ మలుపులో కూర్చోనిస్తారా లేదా అన్నది కొనేవాళ్లతో తేలే సంగతి కాదు. వీధి వ్యాపారులకు హక్కులిస్తూ 2014లో చట్టం వచ్చినా, ఎవరైనా లేచి పొమ్మంటే ముందు బుట్ట ఎత్తుకోవాల్సింది ఆమే. నాలుగడుగులు వేసి పోగలిగే వెసులుబాటు కొనేవాళ్లది. అమ్మేవాళ్లు బుట్ట వదిలి ఎక్కడికి పోతారు?

అయినా ఆ పెద్ద శక్తులు ఈ రెండు నిమిషాల్లోకి రాకుండా లేవు. గుర్తుల రూపంలోనే వచ్చాయి. పైన జరిగిన సంభాషణ మళ్లీ చదవండి. కొన్నావిడ "ఇచ్చావు, ఇచ్చెయ్యి" అంది. పూలామె "ఇవ్వండి, రండమ్మా" అంది. ఇద్దరూ ఒకరినొకరు అమ్మా అనే పిలుచుకున్నారు, కానీ ఆ రెండు అమ్మలూ ఒక ఎత్తులో లేవు. ఎవరు ఎవరికి లోకువో ఎవరూ నేర్పకుండానే క్రియాపదం చివర పలికింది. ఎవరో ఒక కొనుగోలుదారు రేపు "ఇస్తారా?" అని అడిగితే పూలామె ఒక్క క్షణం తలెత్తి చూస్తుంది. ధర తగ్గుతుందో లేదో గానీ, బేరం వేరే బేరమవుతుంది.

ఇక మిగిలింది ఆ నాలుగు వేళ్ల పూలు. మూర అనేది అసలే ఒళ్లు కొలత. వేళ్లు చాపితే ఒక పొడుగు, పిడికిలి బిగిస్తే ఇంకో పొడుగు. పూలామె తలచుకుంటే, ముప్పైకి దిగినందుకు పిడికిలి బిగించి కొలిచి ఆ అయిదూ అక్కడే రాబట్టుకోవచ్చు. అలా చెయ్యలేదు. వేళ్లు చాపి కొలిచి, పైన ఇంకొంచెం వదిలింది. దాన్ని మనం కొసరు అంటాం. ధర తేలాక వస్తుంది కాబట్టి అది ధరలో భాగం కాదు. ఇంతసేపూ వాదించుకున్నది పగతో కాదు, రేపు మళ్లీ నా బుట్ట దగ్గరే ఆగాలి అని చెప్పడం అది. అన్నం పెట్టేటప్పుడు చాలన్నా వినకుండా ఇంకాస్త వేస్తే కొసరి కొసరి వడ్డించారంటాం. ఆ మాటే ఈ బుట్ట దగ్గరా పనిచేసింది. కొన్నావిడ మాల సంచీలో పెట్టుకుంటూ దాని పొడుగు చూసింది. ఏమీ అనలేదు. కానీ ఆ పూట మరో బుట్ట దగ్గర రేటు కూడా అడగకుండా నేరుగా ఇంటికి వెళ్లింది.